కొనేవాడి చెవిన పడాలి

రిజిస్ట్రేషన్ ఆఫీసు హాల్లో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. నర్సు చేతిలో పదహారో నంబరు టోకెను. ఎదురు బెంచీ మీద ఆమె తమ్ముడి చేతిలో పదిహేనోది. ఆమె వచ్చింది తమ్ముడికిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ రద్దు చేయడానికి. అతను వచ్చింది ఆ పవర్‌తోనే ఆమె ఇల్లు అమ్మేయడానికి. పదిహేను తర్వాతే పదహారు.

పదకొండేళ్లు పరాయి దేశంలో రోగుల పక్కలు మార్చి, నడుము పోగొట్టుకుని కట్టిన ఇల్లది. అద్దెకివ్వడం, రిపేర్లు చేయించడం, పన్ను కట్టడం: వీటి వరకే తమ్ముడికి అధికారం ఇద్దామనుకుంది. దస్తావేజు లేఖరి ఆ మాట విన్నాడు, తలూపాడు, తన పాత నమూనానే ఎనిమిది పేజీలు ముద్రించి పంపాడు. ఐదో పేజీలో ‘విక్రయించుటకు’ అని ఉంది. ఆమె డ్యూటీ మధ్యలో గంట అనుమతి తీసుకుని రాయబార కార్యాలయానికి పరుగెత్తి, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. చదవలేదు. చదవలేదని తిట్టేవాళ్లు సవాలక్ష మంది. చదివి వినిపించినవాడు ఒక్కడూ లేడు.

పదిరోజుల కిందట కింది వాటాలో అద్దెకుంటున్న టైలరమ్మ ఫోన్ చేసింది, ఎవరో టేపు పెట్టి గోడలు కొలుస్తున్నారని. నర్సు అప్పుడే తమ్ముడికి మెసేజ్ పెట్టింది: ‘నీకిచ్చిన పవర్ రద్దు. దేనిమీదా సంతకం పెట్టొద్దు.’ అతను చదివాడు. జవాబివ్వలేదు. ఆమె సెలవు పెట్టి విమానమెక్కింది.

నిన్న వకీలు ఒకటే చెప్పింది: “మీ తమ్ముడికి తెలిస్తే చాలదమ్మా. రిజిస్టరైన పవర్ కదా, రద్దు కూడా రిజిస్టర్ కావాలి. ఈలోగా కొనేవాడికి తెలియకుండా అమ్మకం జరిగిందా, అతను ‘నాకేం తెలుసు’ అంటాడు. కోర్టు చుట్టూ తిరుగుతూ ముసలిదానివైపోతావు.”

నర్సు కౌంటరు దగ్గరికి వెళ్లి, తన పని ముందు చూడమంది. గుమస్తా తలెత్తలేదు. “టోకెను ప్రకారమేనండి.”

“పద్నాలుగు!” అని లోపల్నుంచి కేక. దాని తర్వాత తమ్ముడిదే.

తమ్ముడి పక్కన ఒళ్లో సంచి పెట్టుకుని టైర్ల షాపు ఆసామి కూర్చున్నాడు. కొనేది అతనే. ఆమె వెళ్లి అతని ముందు నిలబడింది.

“ఆ ఇల్లు నాది. వీడికిచ్చిన అధికారం నేను రద్దు చేశాను.”

తమ్ముడు లేచాడు. “అక్కా, మెల్లగా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! వాళ్లు చూడాలనే అరుస్తున్నా!”

హాలంతా ఇటు తిరిగింది.

“పవర్ నా దగ్గరుందండి, ఒరిజినల్” అన్నాడు తమ్ముడు ఆసామితో. “ఇందులో ‘రద్దుకు వీలులేనిది’ అని కూడా రాసుంది, చూడండి. మా అక్కకి కోపం ఎక్కువ, అంతే.”

“రాస్తే అయిపోతుందా? ఆ ఇంట్లో నీకు వాటా ఉందా? నాకు రూపాయి ఇచ్చి రాయించుకున్నావా? ఉత్తినే చూసిపెట్టమని ఇచ్చింది, ఉత్తినే తీసేసుకుంటా. పది రోజుల కిందటే చెప్పాను, చదివి నోరు మూసుకున్నావు!”

ఫోన్ తీసి ఆ మెసేజ్ ఆసామి కళ్ల ముందు పెట్టింది. తర్వాత వకీలు రాసిచ్చిన నోటీసు రెండు ప్రతులు తీసి, ఖాళీగా ఉన్న చోట అతని పేరడిగి రాసింది.

“ఒకటి మీకు. రెండోదానిమీద అందిందని సంతకం చేయండి. చేయకపోయినా ఫర్వాలేదు. ఈ హాల్లో అందరూ విన్నారు. ఇప్పుడు కొంటే తెలిసి కొన్నట్టే.”

ఆసామి నోటీసు రెండుసార్లు చదివాడు. “ఏమయ్యా, అక్క ఒప్పుకుందన్నావే?”

“ఒప్పుకుంటుందని…”

“ఒప్పుకుంటుందా, ఒప్పుకుందా?”

ఆసామి పెన్ను అడిగి సంతకం చేశాడు. “తల్లీ, నీ అరుపే నన్ను కాపాడింది. లేకపోతే మునిగేవాణ్ణి.”

“పదిహేను!”

ఆసామి సంచి చంకన పెట్టుకుని మెట్లవైపు నడిచాడు. తమ్ముడొక్కడే లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు.

“పదహారు!”

రద్దు పత్రంలో నర్సు ప్రతి పేజీ చదివింది. వెనక జనం గొణుగుతున్నా చదివింది. వేలిముద్ర వేసింది, రసీదు తీసుకుంది.

మెట్ల దగ్గర తమ్ముడు కాచుకున్నాడు. “సొంతవాణ్ణి పట్టుకుని నలుగురిలో దొంగను చేశావు. రేపట్నుంచి ఆ ఇల్లెవరు చూస్తారు?”

“ఎవరైనా చూస్తారు. ఈసారి పవర్ ఏడాదికే ఇస్తా, అద్దె వసూలు, రిపేరు, పన్ను, అంతే. అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదని రాసి మరీ ఇస్తా. ఒరిజినల్ ఇటివ్వు.”

“ఇవ్వను.”

“ఉంచుకో. రద్దయిందని రేపు పేపర్లో వేయిస్తా. దాన్ని చూపించి ఎవడి దగ్గరైనా సంతకం పెట్టావంటే పోలీసు స్టేషన్లో మాట్లాడుకుందాం.”

అతను కాగితాలు చొక్కాలోకి దోపుకున్నాడు. ఆమె ఆటో పిలిచింది. టైలరమ్మకి ఇవ్వాల్సిన నోటీసు ఇంకా సంచిలోనే ఉంది: ఇకమీదట ఆ మనిషి చేతికి అద్దె ఇవ్వొద్దు, అతను తెచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.