ఒకే నోటిమాట

పెద్దకోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. నాలుక మీద మంచుముక్క కరుగుతోంది. అది కరిగేదాకే సుఖం. తర్వాత నాలుక కొస నుంచి పెదవుల దాకా, వేడి పాలు పొరపాటున గుటకేసినట్టు ఒకటే మంట. పొద్దున కాస్త నయం. పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. ఆరు నెలలుగా ఇదే వరస.

ఎదురుగా అలమరలో తోడికోడలి మందుసీసా ఉంది. చూస్తే చాలు, కడుపులో కూడా మంటే.

మూడు నెలల కిందట తోడికోడలికీ నోరు మండటం మొదలైంది. "చీరలే కాదు, రోగాలు కూడా జతగా కొనుక్కొస్తున్నారే!" అని అత్తగారు నవ్వింది. ఇద్దరూ కలిసే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ గుడ్డముక్కతో నాలుకలు పట్టుకుని చూసింది. పళ్ళ అంచులు తడిమింది, లాలాజలం సరిపడా ఊరుతోందా అని చూసింది, ఫంగస్ ఉందేమోనని పుల్లకి దూది చుట్టి నాలుక మీద రాసి ల్యాబుకి పంపింది. వాడుతున్న మందులు అడిగింది. ఇద్దరిదీ ఒకే టూత్‌పేస్టు అని తెలిసి దాన్ని మాన్పించింది. రక్తపరీక్షలు రాసింది.

తోడికోడలి నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. రిపోర్టులో విటమిన్ బి పన్నెండు బాగా తక్కువ. ఆ అంకె కింద గీత కూడా ఉంది. ఇంట్లో ఆ గీతకి ఎంత మర్యాద! మరిది పండ్లు తెచ్చాడు, అత్తగారు గిన్నెలు తోమనివ్వలేదు.

పెద్దకోడలి రిపోర్టులో ఇనుము, చక్కెర, థైరాయిడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నీకేమీ లేదట కదక్కా! అదృష్టవంతురాలివి" అంది తోడికోడలు. మాట మంచిదే. కానీ పెద్దకోడలికి చెంప మీద కొట్టినట్టయింది. గీత లేని మంట ఎవరికి చూపించాలి?

ఇద్దరినీ రోజూ మంటకి సున్నా నుంచి పది దాకా మార్కులు పుస్తకంలో రాయమంది డాక్టరమ్మ. తోడికోడలు నిద్రపోయే సమయం చూసి పెద్దకోడలు ఆవిడ పుస్తకంలోని రాతలు తన పుస్తకంలోకి దింపుకుంది. అలా మండిన ఆవిడకి రోగం దొరికింది, అలాగే రాస్తే తనకి మాత్రం దొరకదా?

బట్టలయ్యాక పుస్తకం చంకలో పెట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

డాక్టరమ్మ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టింది. తోడికోడలిది పోయిన వారమే ఇచ్చి వెళ్ళిందట.

"గురువారం మధ్యాహ్నం ఇద్దరికీ ఎనిమిది. ఇద్దరూ 'కారం తగిలి ప్రాణం పోయింది' అనే రాశారు. ఒకే నోరా అమ్మా మీ ఇద్దరిదీ?"

పెద్దకోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"తింటుంటే మండుతుందా? నిజం చెప్పండి."

"లేదు" అంది చివరికి. "తినేప్పుడే చల్లగా ఉంటుంది. నమిలినంతసేపూ మంటే తెలీదు. ఆ మాట ఇంట్లో చెబితే ఊరుకుంటారా? తింటే తగ్గే రోగం భలే ఉందే అంటారు."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఆ మాట కోసమే అడిగాను. నాలుక మీద పుండు లేదు, రక్తంలో లోటు లేదు, తింటుంటే తగ్గుతుంది, సాయంత్రానికి పెరుగుతుంది. మీ వయసు ఆడవాళ్ళలో నెలసరి ఆగాక ఇలా రావడం చూస్తుంటాను. కారణాలన్నీ వెతికి, ఏదీ కాదని తేలాకే దీన్ని నోటిమంట జబ్బు అంటాం. లేని మంట ఉన్నట్టు నాలుక నరాలు కబురంపుతున్నాయి. మీకు మంట మాత్రం నిజమే. ఈ మాత్ర నోట్లో నానబెట్టుకుని ఉమ్మెయ్యండి, మింగకండి. మెల్లగా తగ్గించొచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

నిజమే అన్న మాట పెద్దకోడలు దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూ వచ్చింది.

భర్త మందుచీటీ చూశాడు. "అన్నీ బాగున్నాయన్నారుగా, మళ్ళీ మందెందుకు? రేపు చూద్దాంలే" అని చీటీని పేపరు కిందికి తోశాడు.

"నరాల వల్లట. నిజమైన మంటేనట."

"నరాలా! నీ నరాలు మా అందరికీ తెలిసినవేగా" అన్నాడు.

అత్తగారు కిసుక్కున నవ్వింది.

తోడికోడలు నవ్వలేదు. లేచి పేపరు కింద నుంచి చీటీ తీసింది. "అక్క మంట అక్కకి తెలుసు బావగారూ. షాపు మూల మీదే, నేను తెస్తాను" అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"చూశారా, ఎంత మనసో!" అంది అత్తగారు.

పెద్దకోడలి గుండెలో భగ్గుమంది. జబ్బు ఆవిడదే బరువు, మందు ఆవిడకే ముందు. ఇప్పుడు జాలిపడ్డ పేరు కూడా ఆవిడకేనా?

చరచరా వచ్చి తోడికోడలి చేతిలోంచి చీటీ లాక్కుంది. తన చెప్పులు వెతుక్కుని వేసుకుంది. ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.