పర్సులో మందుల కార్డు

తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. అక్క దర్జీ. గుండె లయ తప్పుతోందని ఆమెకు రోజూ మాత్రలు మొదలయ్యాక, తమ్ముడు పట్టుబట్టాడు.

"ఒక్కో డబ్బానీ ఫొటో తీసి పంపక్కా. కార్డు రాసిస్తాను, పర్సులో పెట్టుకో."

మూడు ఫొటోలు వచ్చాయి. ఒకదాన్లో రక్తం పలచబరిచే మాత్ర పేరు కనబడుతోంది గానీ, అంకె మీద ఫ్లాష్ వెలుగు పడింది. అయిదా, రెండున్నరా?

"ఏదో ఒకటి రాసెయ్యరా, నన్నెవరు పరీక్ష పెడతారు?" అంది అక్క నవ్వుతూ.

"అలా రాస్తే ఎలాగక్కా? మళ్ళీ తియ్యి."

మళ్ళీ తీసిన ఫొటోలో అయిదు మిల్లీగ్రాములని తేటగా ఉంది. అయినా మందుల షాపాయనకు డాక్టరు రాసిన చీటీ చూపించి సరిచూసుకున్నాకే అట్ట మీద రాశాడు: అపిక్సబాన్ 5 మి.గ్రా., ఉదయం 8, రాత్రి 8. దాని కింద మిగతా రెండూ. చివర ఎర్ర సిరాతో: పెన్సిలిన్ పడదు, ముఖం వాచి ఊపిరాడదు. రాసిన తేదీ, తన ఫోను నంబరు.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం పదింటికి, గుండీలు కుడుతూనే అక్క పక్కకి ఒరిగిపోయింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవలేదు. తోటి దర్జీ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, పర్సు డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

తమ్ముడు పరుగున వచ్చేసరికి డాక్టరమ్మ కార్డు చూస్తోంది.

"ఇవాళ్టి మాత్ర వేసుకున్నారా?"

"ఎనిమిదింటికి టీ తాగాక నా ముందే వేసుకుంది," అంది తోటి దర్జీ.

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. తర్వాత అతన్ని పక్కకు పిలిచింది.

"మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉందండీ. కానీ ఈ మాత్ర ఇప్పుడే వేసుకున్నవాళ్ళకి ఇస్తే మెదడులో రక్తస్రావం అవ్వొచ్చు. నాళంలోకి తీగ పంపి గడ్డని లాగేద్దామంటే, అది ఇరుక్కున్న నాళం మరీ చిన్నదని స్కాన్‌లో తేలింది."

అతను ఆమె చేతిలోని కార్డు వైపు చూశాడు. "అంటే, నేను రాయకపోయుంటే..."

"ఇచ్చేసేవాళ్ళం. బహుశా ఆవిడ బతికేవారు కాదు."

ఆ మాట పట్టుకుని వారం రోజులు వార్డు బెంచీ మీద కూర్చున్నాడు. ఊరట కావలసిన మాటే, అయినా గుండెలో ముల్లులా దిగబడింది. అక్క బతికింది. కుడి చెయ్యి రాలేదు, మాట తిరిగి రాలేదు.

ఇంటికి తీసుకొచ్చిన సాయంత్రం ఆమె అతని వైపు చూసి పెదాలు కదిపింది. "రా" అనబోయిందో, పేరే అనబోయిందో. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇక్కడే ఉన్నానక్కా," అని మంచం అంచున కూర్చుని, ఆమె ఎడమ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. చీకటిపడినా దీపం వెయ్యడానికి లేవలేదు.