మూడు ఫోటోలు, రెండు బిల్లులు

రాజకుమారికి కోపం వస్తే అరకు సంతలో ఈ చివర నుంచి ఆ చివరికి వినబడుతుంది. అలాంటి మనిషి ఆ వారమంతా నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది పాపం? దొంగబిల్లులు పెట్టిందని విశాఖ ఆఫీసు అనుమానపడింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దంది.

ఆమె కాఫీ రైతుల సంఘంలో ఫీల్డు మనిషి. రెండు ఊళ్లలో మొక్కలు పెంచడానికి వరహాలరావు కొట్లో ఒకే రోజు పాలిథీన్ సంచులు కొంది. ఊరికొకటి చొప్పున రెండు బిల్లులు. అదే తారీఖు, అదే సరుకు, అదే మొత్తం. ఆ మహానుభావుడి బిల్లు పుస్తకం అయిపోయింది. కొత్తది అచ్చు వేయించడానికి మనసొప్పక, నంబరు లేని తెల్ల కాగితాల మీద రాసి, పురుగును చంపినట్టు రబ్బరు ముద్ర గుద్ది ఇచ్చాడు. తర్వాత ఆ కాగితాలు జీపులో వానకు తడిసి సిరా మొత్తం కారిపోయింది. అంతకుముందే సంఘం కొత్తగా ఇచ్చిన డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి, నెట్ సెంటరు నుంచి పంపింది కాబట్టి సరిపోయింది.

సరిపోయిందా? ఫోటోలు మూడు వెళ్లాయి!

విశాఖ ఆఫీసు పెద్దసారు ఫోనులో, "బిల్లులు మూడేనా?" అన్నాడు. సంత హడావుడిలో ఉన్న రాజకుమారి, "ఫోటోలు మూడైతే బిల్లులు మూడే గదా సార్!" అనేసింది. తర్వాత గుర్తొచ్చి రెండేనంటే ఎవరు నమ్ముతారు? మూడు ఫోటోలూ ఒక్క బిల్లువేనని, మూడుసార్లు డబ్బు లాగబోయిందని ఆయన తేల్చేశాడు. వరహాలరావు రెండని చెప్పినా, ఆయన దృష్టిలో అది కూడబలుక్కున్న మాటే.

శనివారం కిరండూల్ వెళ్లే రైలు దిగి ఆఫీసు నుంచి లావణ్య వచ్చింది. లెక్కలు చూసే అమ్మాయి. సంఘం గదిలో లాప్‌టాప్ తెరిచింది.

"కూర్చోండక్కా. ఇవి మీరు తీసినవేనా?"

"నానే తీసినాను మేడం. అయితే ఒకే కాయితానికి రెండు తీసినట్టు నాకు జ్ఞాపకం లేదు. దేవుని తోడు."

మొదటి ఫోటో కొట్లో తీసింది. ఫ్లాష్ పడి మధ్యలో తెల్లగా మెరిసింది. రెండోది నిటారుగా ఉంది. మూడోది పచ్చటి ఎండలో, ఓరగా, మూల మీద బొటనవేలితో ఉంది. చూడగానే మూడూ మూడు కాగితాల్లా ఉన్నాయి. చదివితే మూడూ ఒకటే.

లావణ్య అంకెలు చదవడం మానేసింది. మొదటిదీ మూడోదీ పక్కపక్కన పెట్టి ముద్రను పెద్దది చేసింది.

"ముద్ర అంచు ఎక్కడ పడిందో చూడండి. 'సంచులు' అన్న మాటలో సున్నా మీంచి పోయి, 'లు' కొమ్మును సగం కప్పింది. మూడోదాంట్లో?"

రాజకుమారి తెర మీదికి వంగింది. "అక్కడే! అదే కొమ్ము! అయ్యబాబోయ్, నానే రెండుసార్లు తీసీనాను! మెరుపొచ్చి సరిగా రాలేదని ఇంటికాడ ఎండలో మళ్లీ తీసినట్టున్నాను. మర్సిపోనాను మేడం!"

"ఫోటో ఓరగా తీస్తే కాగితమంతా ఓరగా కనిపిస్తుంది. అంతేగానీ ముద్ర అక్షరాల మీంచి పక్కకు జరగదు. పైన చింపిన అంచు చూడండి, రెండింట్లోనూ ఒకే చోట లోపలికి పోయింది. ఈ రెండూ ఒకటే బిల్లు."

రాజకుమారి తన నోటితోనే ఒప్పేసుకుంది. ఇంకేం మిగిలింది?

లావణ్య రెండో ఫోటో తెచ్చి పక్కన పెట్టింది. అదే చేతిరాత, అదే మొత్తం. ముద్ర మాత్రం కింది మూలలో, తలకిందులుగా ఉంది. పై అంచు నున్నగా ఉంది. "వరహాలరావు గుద్దిన ముద్ర రెండుసార్లు ఒకే చోట పడదు. ఇది వేరే కాగితం. మీరన్నది నిజమే అక్కా. బిల్లులు రెండు."

వెంటనే పెద్దసారుకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. అవతలి నుంచి గొంతు పెరిగింది. మరి లెక్కల పట్టీలో మూడు లైన్లు ఎలా ఎక్కాయంటున్నాడు.

"ఎక్కించింది నేను సార్. ఫోటో రాగానే బిల్లు అనుకుని టైపు చేశాను, పోల్చి చూడలేదు. ఒకటి తీసేస్తున్నాను. ఆవిడ సోమవారం నుంచి పనిలోకి వస్తారు."

ఫోన్ పెట్టేసరికి రాజకుమారి చెంగుతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఊరుకోండక్కా. నేనేం చేశానని? ఉన్నది చెప్పాను."

"అదే సెల్లీ, అదే!" రాజకుమారి ఆ అమ్మాయి చేతులు రెండూ పట్టేసుకుంది. "ఈ వారమంతా వొచ్చినోల్లంతా నాతో, నువ్వు మంచిదానివనే అన్నారు. జాలిపడి అన్నారు. కాయితం ఒక్కరూ సూడలేదు. నువ్వు నా తప్పు కూడా సూసినావు, సూసీ దొంగని కాదన్నావు. నీ కడుపు సల్లగుండాల!"

లావణ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రైలు వేళ దాటిపోతున్నా ఇద్దరూ చేతులు వదల్లేదు.