నలభై పేజీల్లో లేని మోకాలు

మా మనవరాలు సూపర్‌వైజరుగా ఉన్న లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతారు. అక్కడే ఇస్త్రీ బల్ల దగ్గర నేను ముప్పయ్యేళ్లు నిలబడ్డాను. ఇప్పుడు దానికి క్యారేజీ తీసుకెళ్లే వంకతో కాసేపు కూర్చుని వస్తుంటాను. యంత్రాలన్నీ చూసుకునేది మరకల మామ. ఎవరికీ లొంగని మరక అతనికి లొంగుతుందని ఆ పేరు.

ఆ మామ వేరేచోట పని దొరికి, నెల రోజుల నోటీసిచ్చాడు. ఆ యంత్రాల సంగతి మరెవరికీ తెలియదు. దుప్పట్లు వేళకు అందకపోతే ఆసుపత్రివాళ్లు ఊరుకుంటారా, మరో లాండ్రీ చూసుకుంటారు.

మా మనవరాలు తల పట్టుకుని కూర్చోకుండా కాగితం మీద నాలుగు వారాలూ గీసింది. మొదటి వారం మామ పనులన్నీ రాయాలి. రెండోవారం మామ స్థానంలో తీసుకున్న కొత్తమ్మాయి పక్కనుండి చూడాలి. మూడోవారం ఆ పిల్ల చేయాలి, మామ చూడాలి. నాలుగోవారం మామ పక్కగదిలో ఉండి, అడిగితేనే చెప్పాలి.

మామ నలభై పేజీలు నింపాడు. మా పిల్ల అంతటితో వదల్లేదు. నిరుటి డైరీ తిరగేసి, ఈ నెలలో ఎదురుపడని పనులు ఏరింది. ఆరునెలలకోసారి బెల్టులు మార్చడం, ఏడాదికోసారి బాయిలరు తనిఖీ, అన్నీ చేర్పించింది.

మూడోవారం నేను వెళ్లేసరికి మామ కుర్చీలో చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా ఉన్నాడు. కొత్తమ్మాయి రెండో యంత్రం నింపి, తలుపు మూసి, మీట నొక్కింది. ఎర్రదీపం. మళ్లీ నొక్కింది. ఎర్రదీపమే. ఆసుపత్రి బండి వచ్చే వేళవుతోంది.

మామ లేచాడు.

"కూర్చో మామా! నోటితో చెప్పు," అంది మా పిల్ల.

"ఏం చెప్పనమ్మా? నేను మూస్తే తిరుగుతుంది."

"నీ చెయ్యి కోసి ఇచ్చి వెళ్తావా ఏంటి?"

నాకు నవ్వాగలేదు. "చెయ్యి కాదే, మోకాలు! తలుపు మూసి వెనక్కి తిరుగుతూ కింద ఒక్కటిస్తాడు. ఎన్నేళ్లుగా చూస్తున్నానో! హుషారెక్కువై అలా చేస్తాడనుకున్నా."

"నేనా?" అని మామ తన మోకాలినే అనుమానంగా చూసుకున్నాడు.

కొత్తమ్మాయి మోకాలితో ఒక్కటిచ్చింది. పచ్చదీపం! యంత్రం తిరిగింది, బండి వేళకే వెళ్లింది. ఆ పిల్ల నలభై ఒకటో పేజీలో మోకాలి సంగతి రాయబోతే మా మనవరాలు ఆపింది.

"దెబ్బకొట్టడం కూడా ఒక పనిగా రాసుకోవడమేంటే? గొళ్లెం వదులైనట్టుంది. బాగుచేయిద్దాం."

మర్నాడు మెకానిక్ వచ్చి అరిగిన గొళ్లెం మార్చాడు.

చివరివారం పక్కగదిలో మామకు తోచలేదు. ఒకరోజు గడిచింది, రెండ్రోజులు గడిచాయి, పిలిచేవాళ్లు లేరు. మూడోరోజు తనే తల బయటపెట్టాడు.

"ఏమ్మా, నన్నేం అడగరా?"

"అడగడానికేం మిగల్లేదు బాబాయ్," అంటూ కొత్తమ్మాయి రెండో యంత్రం తలుపు టక్కున మూసింది.

గుమ్మంలో నిలబడ్డ మామ కుడి మోకాలు దానంతటదే గాల్లోకి లేచింది.