రానివాడి పేరు

ఆ గిడ్డంగి ఆఫీసులో ఒక పాడు అలవాటుంది. మీటింగుకి ఎవరు రాకపోతే పని వాళ్ళ నెత్తినే పడుతుంది. నోరున్నవాడు తప్పించుకుంటాడు, లేనివాడికి మెయిల్ వెళ్తుంది. ఆ మెయిల్ రాసేది కోఆర్డినేటరమ్మ. రికార్డింగ్ లింకు, తీసుకున్న నిర్ణయాలు, ఎవరు ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా. చివర ఎప్పుడూ ఒకటే వాక్యం: "రేపు సాయంత్రంలోగా అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే."

నెల కిందట ఆమె పంపిన మెయిల్లో మూడో నిర్ణయం ఇది: సరుకు లిఫ్టు తలుపు తెరిచి ఉన్నా కదులుతోంది కాబట్టి కొత్త స్విచ్చి వచ్చేదాకా దాన్ని వాడకూడదు. గురువారం పొద్దున కరెంటు ఆపి తాళం వెయ్యాలి. బాధ్యత: ఎలక్ట్రీషియన్.

ఆయన అప్పటికి కూతురి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నాడు. ఆఫీసు మెయిల్ ఇంట్లో తెరుచుకోదు. తాళం ఎవరూ వెయ్యలేదు. శుక్రవారం లోడర్ ఒకడు బండి తోస్తుండగా లిఫ్టు పైకి లేచింది. మోకాలి కింద కాలు పోయింది.

రేపే విచారణ. ఎలక్ట్రీషియన్ ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆ మెయిల్ కాగితం, మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

"అమ్మా, ఉద్యోగం పోతుందంటున్నారు. నేను సెలవడిగింది మేనేజర్ గారినే కదా. కాగితం ఎందుకయ్యా, వెళ్ళిరా అన్నాడు. ఇప్పుడేమో నాకు చెప్పనే లేదంటున్నాడు. ఆ మీటింగులో నా పేరు ఎవరు చెప్పారమ్మా?"

"మేనేజరే అనుంటారు బాబాయ్" అంది ఆమె. నిజంగానే అలా అనుకుంది. నెల రోజులుగా ఆయన్ని లోలోపల తిట్టిపోస్తూనే ఉంది.

"రికార్డింగ్ ఉంటుందిగా?"

"ఉంటుంది. ముప్పై రోజులకి దానంతటదే పోతుంది" అంటూ తేదీ చూసుకుంది. ఇవాళ సాయంత్రమే ఆఖరు.

ఆయన వెళ్ళగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. అసలు ఆ రోజు మెయిల్ కూడా రికార్డింగ్ వినకుండానే, చేత్తో రాసుకున్న నోట్సు చూసి రాసేసింది. ఎవరు వింటారు గంటసేపు! నలభై ఒకటో నిమిషంలో మేనేజర్ గొంతు వచ్చింది.

"ఎలక్ట్రీషియన్ సోమవారందాకా రాడు. తాళం సంగతి నేను చూస్తాలే."

ఆమెకి ఊపిరి ఆడింది. దొరికాడు దొంగ! ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఇంకో గొంతు వినిపించింది, చలాకీగా.

"మీ పేరెందుకు సార్, మళ్ళీ నేనే మీ వెంటపడి గుర్తుచెయ్యాలి. రానివాడి పేరు వేసేస్తా, గొడవ వదిలిపోతుంది."

తర్వాత గది నిండా నవ్వులు. అందరికంటే పైన ఆమె నవ్వు. "సరే, వేసెయ్" అన్నాడు మేనేజర్. నాలుగో విషయంలోకి వెళ్ళిపోయారు.

మళ్ళీ విన్నది. ఎన్నిసార్లు విన్నా ఆ మాటా, ఆ నవ్వూ తనవే. పాపిష్టి నోరు, ఆ ఒక్క నిమిషం మూసుకుంటే ఏం పోయేది! ఊరుకుంటే చాలు, సాయంత్రానికి ఆ నవ్వు ఎక్కడా ఉండదు. తిలాపాపం తలా పిడికెడు అని అందరూ ఊరుకుంటారు. ఆమెకీ ఇల్లుంది, చదువుకునే తమ్ముడున్నాడు. ఐదు దాటేదాకా చేతులు కదపలేకపోయింది.

ఆ తర్వాత రికార్డింగ్‌ని కంప్యూటర్లోకి దింపుకుని, నెల కిందటి మెయిల్‌నే తెరిచి, అందరికీ జవాబు రాసింది. పైన విచారణ అధికారి చిరునామా కూడా చేర్చింది.

"మూడో నిర్ణయానికి సవరణ. తాళం బాధ్యత తీసుకున్నది మేనేజర్ గారు. సెలవులో ఉన్న ఎలక్ట్రీషియన్ పేరు వేస్తానన్నది, వేసింది నేను. రికార్డింగ్ జత చేశాను, నలభై ఒకటో నిమిషం నుంచి వినండి. తర్వాత చెయ్యాల్సింది: రేపటి విచారణలో ఈ మాటే చెప్పాలి. బాధ్యత: నాది."

చివర అభ్యంతరాల వాక్యం రాయలేదు.

పంపిన ఐదు నిమిషాలకే మేనేజర్ నుంచి ఫోను వచ్చింది. ఆమె ఎత్తలేదు. సూపర్వైజర్ గదిలోని కంప్యూటర్ దగ్గర ఎలక్ట్రీషియన్ చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడం అద్దంలోంచి కనిపిస్తోంది. తర్వాత లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ నవ్వింది నువ్వేనా?"

"నేనే బాబాయ్."

తిడతాడేమోనని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"ఆ టైముకి మా పాపని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నారు" అన్నాడు. "వస్తానండి."

పదేళ్ళలో ఆయన ఆమెని 'అండీ' అనడం అదే మొదటిసారి.