ఏడున్నర లండన్ రేటు

ధర్మవరంలో శ్రీరంగప్ప బంగారు అంగడికి ఒక ఆచారం ఉంది. సాయంత్రం లండన్ రేటు వచ్చేదాకా షట్టరు దించరు. రేటు రాగానే దాన్ని రూపాయల్లోకి తిప్పి, రేపటి ధరను గోడ మీది నల్లబల్లపై సుద్దముక్కతో రాసి, అప్పుడు దీపం ఆర్పుతారు. మగ్గం దిగి చెవికమ్మలు అమ్ముకోవడానికి వచ్చే నేతగాళ్ళు తెల్లారి ముందు ఆ బల్లనే చూస్తారు. ఆ ఆచారం పెట్టింది శ్రీరంగప్ప నాయన. "ఇది ఎవరి చెయ్యీ లేని రేటురా" అనేవాడాయన, దేవుడి గురించి చెప్పినట్టు.

ఆయన మాటలో అబద్ధం లేదు. ఫోన్లో క్షణక్షణానికీ ఎగిరే ధర వేరు, ఇది వేరు. లండన్‌లో రోజుకు రెండుసార్లు, పొద్దున పదిన్నరకూ మధ్యాహ్నం మూడుకూ, కంప్యూటరు మీద ఒక వేలం జరుగుతుంది. వేలం నడిపేవాళ్ళు మొదట ఒక ధర చెబుతారు. ఆ ధరకు ఎంత కొంటామో ఎంత అమ్ముతామో పెద్ద బ్యాంకులు, వ్యాపార సంస్థలు అర నిమిషంలో చెప్పాలి. కొనేదీ అమ్మేదీ దాదాపు సమానమైతే అదే ఆ పూట ధర. కొనేవాళ్ళు ఎక్కువైతే ధర పెంచి, అమ్మేవాళ్ళు ఎక్కువైతే తగ్గించి, మళ్ళీ అర నిమిషం అడుగుతారు. పొంతన కుదిరేదాకా అంతే. గని తవ్వేవాడు, శుద్ధి చేసేవాడు, దేశాల ఖజానాలు, నగల వ్యాపారులు, అందరూ దానిమీదే ఒప్పందాలు రాసుకుంటారు. 'నువ్వు నీకు కావలసిన క్షణం ఏరుకున్నావు' అని ఒకణ్ణొకడు తిట్టుకోనక్కర్లేదు కదా!

లండన్ మూడంటే మనకు ఏడున్నర. చలికాలం మాత్రం ఎనిమిదిన్నర, ఎందుకంటే అక్కడివాళ్ళు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటారు. ఏ రోజు తిప్పుతారో శ్రీరంగప్ప ఎన్నడూ పట్టించుకోలేదు. పని బల్ల, త్రాసు, వచ్చేపోయే జనం ఆయనవి. బెంగళూరు నుంచి బంగారం తెప్పించడం, ఫోన్లు, లెక్కలు తమ్ముడు మార్కండేయవి. ఏటా ఒకనాడు తమ్ముడే "ఈ పొద్దు నుంచి ఎనిమిదిన్నరన్నా" అనేవాడు, ఈయన "సరేలేప్పా" అనేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

దసరా ముందు ఆ ఇద్దరికీ పొసగలేదు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెరో కారణం చెబుతారు, రెండూ నిజమే. వేరుపడదాం అనుకున్నారు. అంగడి ఒక్కటే, దాన్ని ముక్కలు చేయలేరు. బజారులోని బంగారు వ్యాపారులకు పెద్ద అయిన మల్లికార్జునయ్య మధ్యలో కూర్చుని ఒప్పందం చేయించాడు. అంగడికి ఒక ధర, డాలరుకు ఒక ధర అప్పుడే ఖాయం చేశారు. ఇక తేలవలసింది అందులోని బంగారం విలువ. దీపావళి బేరాలు అయిపోయాక, అక్టోబరు ఆఖరి సోమవారం లండన్ రేటు కట్టి, తమ్ముడి సగం డబ్బు అన్న ఆ రాత్రే పూర్తిగా బల్ల మీద పెడితే అంగడి అన్న సొంతం. పెట్టలేకపోతే అదే లెక్కకు తమ్ముడు కొనుక్కుంటాడు.

ఆ సోమవారమని చెప్పిందీ, కాగితం రాసిందీ మార్కండేయే. 'సోమవారం సాయంత్రం ఏడున్నర లండన్ రేటు' అని. శ్రీరంగప్ప చదివాడు, సంతకం పెట్టాడు. అంగట్లో అందరూ దాన్ని ఎప్పుడూ అనే మాటే అది. పాలను పాలు అనే కదా అంటాం!

శ్రీరంగప్పకు ఆ అంగడి పోతే ఇంకేమీ చేతకాదు. పదకొండో ఏట ఆ పని బల్ల ముందు కూర్చున్నాడు, ఇప్పుడు యాభై తొమ్మిది. భార్య హనుమంతమ్మ పేర బెళుగుప్ప దగ్గరున్న చేను అమ్మాడు. రెండు బోర్లూ ఎండిపోయిన చేనుకు ఎవడు మంచి ధర ఇస్తాడు? ఇచ్చినంత పుచ్చుకున్నాడు. ఆమె గాజులు కూడా పోయాయి. అంతా డ్రాఫ్టులు చేయించి సంచిలో పెట్టుకున్నాడు. ముందురోజు ఆదివారం, తమ్ముడింట్లో భోజనానికి పిలిస్తే వెళ్ళి, విస్తరి ముందు కూర్చుని, వెర్రిబాగులవాడు, సంచిలో ఎంత ఉందో కూడా చెప్పేశాడు.

"రేటు శుక్రవారం మాదిరే ఉంటే సరిపోతాదిరా. ఇంకొంచెం పెరిగితే నా దగ్గర ఒక్క రూపాయి లేదు" అన్నాడు.

"యాడ పెరుగుతాదన్నా, దిగుతాండాది. తిను" అని మార్కండేయ పప్పు వడ్డించాడు.

సోమవారం ఏడింటికే అన్నదమ్ములూ మల్లికార్జునయ్యా అంగట్లో కూర్చున్నారు. బెంగళూరు బంగారం కంపెనీలో పనిచేసే ఓబిలేష్ ఫోన్లో ఉన్నాడు. యాడికి ఊరి కుర్రాడు, బెంగళూరులో తెర మీద వేలం చూసి చెప్పడం వాడి పని. ధర దిగే ఉంది. ఏడున్నర కొట్టేసరికి మార్కండేయ ఫోన్లోని ధర చూసి శ్రీరంగప్ప మనసులో లెక్క కట్టాడు. సరిపోవడమే కాదు, కొంత మిగులుతుంది కూడా. ఆయనకు ఒక్కసారి ఏడుపొచ్చింది. అదే సమయంలో తమ్ముడు రెండో ఫోను తీసి ఆ తెరను ఫొటో తీసుకోవడం చూశాడు కానీ, గుర్తుకోసమేమో అనుకున్నాడు.

"లెక్క కట్టు అయ్యా" అని మల్లికార్జునయ్య వైపు సంచి జరిపాడు.

"ఇంకా రేటు రాలేదన్నా. అది ఊరికే నడిచే ధర" అన్నాడు మార్కండేయ, ఇంకెటో చూస్తూ. "ఎనిమిదిన్నరకు వస్తాది."

"ఏడున్నర గదప్పా?"

"గడియారం మారినాది గదా."

శ్రీరంగప్పకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. సరే, గంటేగా, అనుకున్నాడు. ఆ గంట ఎంత పొడుగో తర్వాత తెలిసింది. అమెరికాలో ఏవో లెక్కలు అప్పుడే బయటపడ్డాయట, అక్కడి జనానికి కొలువులు తగ్గాయట. వాళ్ళ కొలువులకూ ధర్మవరం అంగడికీ సంబంధమేమిటి? ఉందట. ధర లేచింది. లేచి కూర్చోలేదు, లేస్తూనే పోయింది. శ్రీరంగప్ప పంచె అంచు పిడికిట్లో పట్టుకుని ఆ అంకెలనే చూశాడు. నీళ్ళు తాగమని మల్లికార్జునయ్య గ్లాసు పెడితే అలాగే వదిలేశాడు.

ఎనిమిదిన్నరకు ఓబిలేష్ గొంతు లేచింది. "మొదలైనాదన్నా. మొదటి సుట్టు... కొనేవాళ్ళు శానా ఎక్కువుండారు. ధర పెంచినారు. రెండోది... ఇంకా ఎక్కువే. మళ్ళీ పెంచినారు. మూడోది..." అర నిమిషం గడిచింది. "కుదిరినాది. అయిపాయ." అంకె చెప్పాడు.

మల్లికార్జునయ్య కట్టి చూపాడు. నాలుగున్నర లక్షలు తక్కువ పడ్డాయి.

శ్రీరంగప్ప ఫోను వైపు వంగాడు. "ఓబిలేషూ, ఆ గడియారం యావొద్దు మారినాదిరా?"

"నిన్న తెల్లారుజామునే అన్నా. అక్టోబరు ఆఖరి ఆదివారం తిప్పుతారు గదా, ప్రతి ఏడూ అంతే. దసరా ముందర మార్కండేయన్న అడిగితే చెప్పినానే! నీకు చెప్పలా?"

పాపం, వాడికేం తెలుసు. మార్కండేయ ఫోను కట్టేశాడు.

దసరా ముందర! అంటే కాగితం రాయకముందు. సోమవారం ఏరుకున్నది వాడు, ఏడున్నర అని రాసింది వాడు. ఇరవై ఏళ్ళు చెప్పిన మాట ఈ ఒక్క ఏడు చెప్పనిది వాడు. శ్రీరంగప్ప కాగితం మీద వేలు పెట్టాడు.

"అయ్యా, కాగితంలో ఏడున్నర అని ఉండాది. ఏడున్నర ధర కట్టు. వాని ఫోన్లో ఉండాది సూడు, ఫొటో తీసిపెట్టుకున్యాడు."

"ఏడున్నరకు లండన్ రేటు అనేదే లేదు గదప్పా" అన్నాడు మల్లికార్జునయ్య నెమ్మదిగా. "లండన్ రేటు అని గూడా కాగితంలోనే ఉండాది. మనమంతా నమ్మేది దాన్నే. నడిచే ధర ఒప్పుకుంటే రేపు ఈ బజార్లో ప్రతివాడూ వాని గడియారం వాడు చూపిస్తాడు."

"మరి ఆ ఫొటో ఎందుకు తీసినాడు? అడుగు! రేటు దిగింటే ఏమనేవాడు? కాగితంలో ఏడున్నర ఉండాదని ఆ ఫొటో నీ ముందర పెట్టేవాడు గదా! యాది ఎక్కువైతే అదే. నా సంచిలో ఎంతుండాదో నేనే చెప్పినా వానికి, అన్నం తింటా చెప్పినా."

మార్కండేయ ఫోను జేబులో వేసుకున్నాడు. మల్లికార్జునయ్య ఆ ఫోను అడగలేదు. ఆయన బంగారం కూడా మార్కండేయ చేతి మీదుగానే బెంగళూరు నుంచి అప్పుమీద వస్తుంది. నిజం తెలుసుకుని ఆయనేం చేసుకుంటాడు?

"నాలుగున్నర లక్షలయ్యా. రేపు పొద్దున్నే ఇస్తా. నువ్వు సర్దు" అన్నాడు శ్రీరంగప్ప. తన గొంతు తనకే అడుక్కుంటున్నట్టు వినిపించి సిగ్గేసింది.

"నా దగ్గర ఈ పొద్దు అంత దుడ్లు లేవప్పా" అన్నాడు పెద్దమనిషి. ఆయన గల్లాపెట్టె తాళంచెవి మొలకు వేలాడుతూనే ఉంది.

"నీకు నష్టమేముండాదన్నా?" అన్నాడు మార్కండేయ అప్పుడు. "రేటు ఎక్కువైంది. నేనిచ్చే నీ భాగం గూడా అంత ఎక్కువే గదా. రేపే బ్యాంకులో వేస్తా."

అదీ నిజమే. అందులోనే ఉంది వాడి తెలివంతా. మోసపోయినవాడి చేతికి ఎక్కువ డబ్బు వస్తే, మోసమని ఏ పంచాయితీలో చెప్పుకుంటాడు? వినేవాళ్ళు నవ్వుతారు.

శ్రీరంగప్ప తాళాల గుత్తి తీసి త్రాసు పక్కన పెట్టాడు. సంచి చంకలో పెట్టుకుని లేచాడు. మెట్టు దిగబోతుంటే తమ్ముడు పిలిచాడు.

"అన్నా, బల్ల మీద రేటు రాసిపో. నీ రాత బాగుంటాది."

వాణ్ణి కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. కానీ తెల్లారితే ఎవరో ఒకరు, మగ్గం ఆగిపోయిన ఏ సుంకమ్మో, ముక్కుపుడక కొంగున కట్టుకుని వస్తుంది. ఆమె ఆ బల్లనే నమ్ముతుంది. శ్రీరంగప్ప సుద్దముక్క తీసుకుని ఓబిలేష్ చెప్పిన రేటునే కట్టి, ఎప్పటిలాగే గుండ్రంగా రాశాడు. రాస్తుండగా నాయన మాట గుర్తొచ్చింది. లండన్ వేలంలో నిజంగా ఎవరి చెయ్యీ లేదు. చెయ్యి ఈ అంగట్లోనే ఉంది. దానికి పప్పు వడ్డించడం కూడా వచ్చు.

ఇంటికి వెళ్ళేసరికి హనుమంతమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. బోసి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఏమింతసేపు? ఏడున్నరకే అయిపోతాదని చెప్పి పోతివే?"

శ్రీరంగప్ప సంచి ఆమె ఒళ్ళో పెట్టాడు. అందులో డ్రాఫ్టులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె తడిమి చూసి ముఖమెత్తింది.

"దసరాకు ముందరే అయిపోయినాది లేమే. నాకు తెలిసేదానికే ఇంతసేపు పట్టింది" అని ఆయన గడప మీద కూలబడ్డాడు.