అయిదో మాట

మా సంఘంలో ఏడాది లెక్కలు చదవడమంటే సభ్యులకు జోల పాడటమే. నాకు ముందున్న కోశాధికారి కళ్లజోడు సర్దుకుని పేజీలకు పేజీలు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. చివర్లో అధ్యక్షుడు గంట కొడితే అందరూ ఉలిక్కిపడి లేచి చేతులెత్తేవాళ్లు, లెక్కలు ఆమోదం పొందేవి. అధ్యక్షుడు రిటైరైన మాస్టారు. గంట ఆయన చేతిలోంచి దిగదు కాబట్టి గంట మాస్టారనే పేరు స్థిరపడిపోయింది.

నేను మందుల షాపు నడుపుతాను. మాత్ర పేరు ఎంత స్పష్టంగా చదివినా ఎప్పుడు వేసుకోవాలో చెప్పకపోతే జబ్బు తగ్గదు. అందుకే ఈసారి నాలుగైదు మాటల్లో తేల్చేస్తానని ముందే చెప్పాను. ఆడిటరు సంతకం పెట్టిన పూర్తి లెక్కలు అచ్చువేసి ఇంటింటికీ పంచాం. అవి ఎవరూ చదవరని అందరికీ తెలుసు.

సంఘానికున్నదల్లా ఒక అంబులెన్సు. పేటవాళ్ల చందాలు, ఎక్కినవాళ్లు ఇచ్చేదీ కలిపితే నడుస్తుంది. ఇవ్వలేనివాళ్లను అడగం. దాన్ని నడిపేది మా మరిది. ఆ బండి తప్ప అతనికి వేరే బతుకు తెలియదు. తెల్లారగానే దాని అద్దాలు తుడిచాకే తన ముఖం కడుక్కుంటాడు.

సభకు ముందు రోజు వంటింట్లో అత్తయ్య ముందు రిపోర్టు చదివాను. ఆవిడ బీన్స్ తరుగుతోంది. ఆవిడకు అర్థమైతే సభలో ఎవరికైనా అర్థమైనట్టే.

"అత్తయ్యా, ఏడాది మొదట్లో రెండు లక్షల పదివేలు ఉంది. చివర్లో రెండు లక్షల నలభై వేలు ఉంది."

"అంటే పెరిగిందిగా? మరి నీ ముఖమేంటి అలా పెట్టావు?"

"అందులో లక్షన్నర ఈ ఏడాది ఒక కుటుంబం ఆక్సిజన్ యంత్రం కొనమని ఇచ్చింది. ఇంకా కొనలేదు. ఆ డబ్బు వేరే దేనికీ ముట్టుకోకూడదు."

"అయితే మనది తొంభై వేలే. అదే చెప్పు ముందు! చుట్టూ తిప్పుతావెందుకు?" అని ఆవిడ నన్ను కసిరింది. నిజమే కదా అని రాసుకున్నాను.

"అది కాక ఏడాదికి వచ్చింది మూడు లక్షల అరవై వేలు, ఖర్చయింది నాలుగు లక్షల ఎనభై వేలు."

"లక్షలు నా బుర్రకెక్కవు. బండి ఒక్కసారి గుమ్మం దాటితే ఎంతవుతుందో చెప్పు."

నూట అరవై ట్రిప్పులు. భాగించాను. ఒక్కోదానికి మూడు వేలు. "ఇదిగో, ఇప్పుడు అర్థమైంది!" అంది అత్తయ్య, గెలిచినట్టు కత్తి పైకెత్తి.

అయిదో మాట నేనే రాసుకున్నాను: ఈ ఖర్చులో ఎక్కువ భాగం జీతం, బీమా, మరమ్మతులు. బండి కదలకపోయినా అవి తప్పవు. అర్ధరాత్రి పిలిచినా వెంటనే వస్తుందంటే ఆ ఖర్చు పెడుతున్నాం కాబట్టే. దాన్ని చదివి చూసుకుంటే నాకే ఇబ్బందిగా అనిపించింది. మరిది కోసం వకాల్తా పుచ్చుకున్నట్టుంది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని కొట్టేశాను. నిజాయితీగా ఉండటం వేరు, నిజాయితీగా కనిపించాలని తాపత్రయపడటం వేరు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు సభకు ముందు గంట మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "ముప్పై వేలు పెరిగిందని చెప్పి ఊరుకోండమ్మా. అబద్ధం కాదుగా!"

"అబద్ధం కాదు మాస్టారూ, మోసం," అన్నాను. ఆయన ముఖం ముడుచుకుని గంట సర్దుకున్నారు.

హాలు నిండింది. మరిది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో బండి తాళాలు. నేను లేచాను.

"ముందుగా ఒక మాట. బండి డ్రైవరు మా మరిది. అతని మీద ఓటింగు వస్తే నేను వెయ్యను. ఇక లెక్కలు. ఒకటి, బ్యాంకులో రెండు లక్షల నలభై వేలుంది, కానీ అందులో మనం వాడుకోగలిగింది తొంభై వేలే. రెండు, ఈ ఏడాది వచ్చినదానికంటే లక్షా ఇరవై వేలు ఎక్కువ ఖర్చు చేశాం. మూడు, ఇలాగే సాగితే ఆ తొంభై వేలు తొమ్మిది నెలల్లో అయిపోతుంది. నాలుగు, బండి ఒక్కసారి బయటికెళ్తే మనకు సగటున మూడు వేలవుతోంది."

కూర్చున్నాను. ఒక్కరూ కునుకు తీయలేదు. చప్పట్లు కొట్టారు కూడా. చెప్పొద్దూ, నాకు గర్వంగానే అనిపించింది. లెక్కలు ఆమోదించాలని ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు, చేతులన్నీ లేచాయి.

తర్వాతి అంశం వచ్చే ఏడాది బడ్జెట్. బట్టల కొట్టాయన లేచాడు. పేటంతా ఆయన్ని కొలబద్ద అంటారు.

"కోశాధికారిగారు కళ్లు తెరిపించారు. మనకు మూడు వేలవుతోంది. అద్దె బండి రెండు వేలకే వస్తుంది, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈ నెలాఖరుకు మన బండి ఆపేసి అమ్మేద్దాం. కావలసినవాళ్లకు అద్దెలో సగం సంఘం తరఫున ఇద్దాం. ఆక్సిజన్ డబ్బు ఏం చెయ్యాలో ఇచ్చినవాళ్లనే అడుగుదాం."

గబగబా లేచాను. "అలా కాదండీ, మూడు వేలంటే బండి కదిలినందుకే అయ్యే ఖర్చు కాదు. పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉన్నందుకు కూడా... డబ్బు లేనివాళ్ల దగ్గరికి అద్దె బండి వస్తుందా?"

"అమ్మా, ఇప్పుడు మీరు సంఘం తరఫున మాట్లాడుతున్నారా, మరిది తరఫునా?"

హాలంతా నా వైపు చూసింది. నేను దేనికి భయపడి ఆ మాట కొట్టేశానో అదే ఎదురొచ్చింది. నిన్న రాసినట్టే, లెక్కతో పాటే చదివి ఉంటే అది కూడా లెక్కే అయ్యేది. ఇప్పుడు బతిమాలడంలా వినిపిస్తోంది.

"మూడు వేలని మీరు చెప్పిందే కదమ్మా," అంటూ గంట మాస్టారు గంట కొట్టారు. ఓటింగు పెట్టారు. ముందే చెప్పినట్టు నేను ఏ వైపూ చెయ్యెత్తలేదు. వద్దని ఎత్తినా లాభం లేదు, బండి అమ్మడానికి మిగతా చేతులన్నీ లేచాయి.

జనం వెళ్లిపోయారు. మరిది కుర్చీలు మడిచి గోడకు పెడుతున్నాడు. సభ అయ్యాక అది అతని పనే, ఎవరూ చెప్పకపోయినా చేస్తాడు. దగ్గరికెళ్లాను.

"ఒక మాట చెప్పాల్సింది, వదిలేశాను. నా తప్పే," అన్నాను.

"నువ్వు బాగా చెప్పావు వదినా. ఇన్నేళ్లూ లెక్కలు చదువుతుంటే నిలబడే నిద్రపోయేవాణ్ణి. ఇవాళే మొత్తం అర్థమైంది." ఇంకో కుర్చీ మడిచాడు. "నేను వెళ్లిన ప్రతిసారీ ఎవరికో సాయం చేస్తున్నాననుకున్నా. మూడు వేలు పోగొడుతున్నానని తెలీదు."

నవ్వుతూనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏదో చెప్పబోయేలోగా బండి ఫోన్ మోగింది. ఎత్తి, ఎక్కడని అడిగాడు. కుర్చీ అలాగే వదిలి పరుగెత్తాడు. తలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు, వెళ్లమంటావా అన్నట్టు. ఏ రోజూ అలా ఆగినవాడు కాదు.

"వెళ్లు!" అని అరిచాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో ఎదురుచూస్తోంది. కొడుకు బండి ఆగిపోతుందని ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ఎలా చదివావే? గుమ్మం దాటితే ఎంతో చెప్పావా? అందరికీ అర్థమైందా?"

"అర్థమైంది అత్తయ్యా," అన్నాను. "కూర్చోండి, మీకో మాట చెప్పాలి."